మూడు నిమిషాల చిత్రానికి ఐదు నిమిషాల వ్యాఖ్యానం

ప్రశ్న: అమీర్‌పేటలో ఒక చిన్న యాడ్ ఏజెన్సీలో కాపీ రైటర్‌గా పని చేస్తున్నాను. నగరంలోని ఒక ఆసుపత్రి ప్రచార చిత్రానికి తెలుగు వాయిస్ ఓవర్ రాసే పని నాకు అప్పగించారు. నిడివి మూడు నిమిషాలు. షాట్ల జాబితా, స్టోరీబోర్డు ఖరారయ్యాయి. మధ్యలో ఇద్దరు డాక్టర్లు, ఒక రోగి మాట్లాడతారు. నిమిషానికి 150 పదాలని ఎక్కడో చదివి 420 పదాలు రాశాను. గడియారం పెట్టుకొని చదివితే ఐదు నిమిషాలు దాటింది. పద్నాలుగు విభాగాల్లో ఒక్క దాని పేరు కూడా తీసేయవద్దని ఆసుపత్రి ఎండీ గారు అంటున్నారు. ‘ఆర్టిస్టు స్పీడుగా చదివేస్తాడు, నువ్వు కంగారు పడకు’ అని మా డైరెక్టర్ గారు అంటున్నారు. మా బాస్‌కు ఇద్దరితోనూ పేచీ ఇష్టం లేదు. షూటింగ్ వచ్చే వారం. ఎవరికి ఎదురు చెప్పాలి, ఎక్కడ తగ్గించాలి? గుండె విభాగం పేరా, దాని షాట్లు జతచేస్తున్నాను.
— పేరు వద్దు, హైదరాబాద్

సమాధానం:

ముందుగా ఆ 150 పదాల లెక్కను పక్కన పెట్టండి. అది ఇంగ్లీషు వ్యాఖ్యానానికి పనికివచ్చే కొలత. ఇంగ్లీషులో విడివిడిగా నాలుగు చిన్న పదాలు చెప్పే పనిని తెలుగులో విభక్తి, ప్రత్యయం కలిసిన ఒకే పదం చేస్తుంది కాబట్టి, పదాలను లెక్కపెడితే తెలుగు స్క్రిప్టు ఎప్పుడూ ఉన్నదానికంటే పొట్టిగా కనిపిస్తుంది. తెలుగుకు అక్షరాలను లెక్కపెట్టాలి. పలికే అచ్చు ఎన్నిసార్లు వస్తే అన్ని అక్షరాలు. సంయుక్తాక్షరం ఎంత బరువుగా ఉన్నా ఒకటే. పొల్లును లెక్కలోకి తీసుకోనక్కరలేదు. అంకెలను మాత్రం తప్పకుండా మాటల్లోకి మార్చి రాసుకున్న తర్వాతే లెక్కించాలి, ఎందుకంటే కాగితం మీద ‘24’ రెండు గుర్తులే అయినా నోట్లో అది ‘ఇరవై నాలుగు’ అయి ఆరు అక్షరాలు పడుతుంది. ఎన్‌ఏబీహెచ్ వంటి పొడి అక్షరాలను ఆర్టిస్టు ఒక్కొక్కటిగా ఆగి పలుకుతాడు కనుక వాటిని రెట్టింపుగా లెక్కవేసుకోవడం మంచిది.

ఆసుపత్రి చిత్రాలకు సరిపోయే నిదానమైన, నమ్మకం కలిగించే గొంతు చిన్న చిన్న విరామాలతో కలిపి సెకనుకు సుమారు ఐదు అక్షరాలు చదువుతుంది. ఇది నేను పనికి పెట్టుకున్న కొలత మాత్రమే. మీ ఆర్టిస్టు గొంతు మీకు అసలైన కొలత. ఆయనకు మీ స్క్రిప్టులోంచే రెండు వందల అక్షరాల పేరా ఒకటి పంపి, తన ధోరణిలో చదివి ఫోనులో రికార్డు చేసి పంపమనండి. నలభై సెకన్లు పట్టిందంటే సెకనుకు ఐదు, ముప్పై ఆరు పట్టిందంటే ఐదున్నర. మిగిలిన లెక్క అంతా ఆ సంఖ్యతోనే వేయండి. (ఛందస్సు నేర్చుకున్నవారు గురు లఘువులు చూసి మాత్రలు లెక్కిస్తే ఇంకా దగ్గరగా వస్తుంది, ఎందుకంటే ‘హృద్రోగ నిపుణుల పర్యవేక్షణ’ వంటి మాటలు అక్షరాల లెక్క చెప్పేదానికంటే ఎక్కువ సేపు నాలుకను పట్టి ఉంచుతాయి. ఈ పనికి అంత శ్రమ అవసరం లేదు, అటువంటి మాటలను గుర్తుపట్టి తీసేస్తే చాలు.)

ఇప్పుడు మీ మూడు నిమిషాలను, అంటే 180 సెకన్లను ఖర్చు పెట్టి చూద్దాం. మొదట భవనం కనిపించే షాట్, సంగీతం: ఎనిమిది సెకన్లు. డాక్టర్ల బైట్లు ఒక్కొక్కటి పన్నెండు చొప్పున ఇరవై నాలుగు. రోగి మాట పదిహేను. పద్నాలుగు విభాగాలూ వరుసగా కనిపించే మాంటేజ్ ఇరవై. చివర లోగో, చిరునామా ఎనిమిది. ఇవి పోగా మీకు మిగిలేది 105 సెకన్లు. ఆ 105 సెకన్లలో కూడా గొంతు మొదటి నుంచి చివరి దాకా మోగుతూనే ఉంటే బొమ్మలకు ఊపిరి ఆడదు; మూడింట రెండు వంతులు మాట, ఒక వంతు నిశ్శబ్దమో పరిసరాల శబ్దమో ఉండాలని నేను భావిస్తాను. అంటే డెబ్బై సెకన్ల మాట, 350 అక్షరాలు, మీ పదాల లెక్కలో సుమారు తొంభై పదాలు. ఎండీ గారు మరీ పట్టుపడితే నాలుగింట మూడు వంతుల దాకా వెళ్లవచ్చు, అప్పుడు నూరు పదాలకు కాస్త పైన. మీరు రాసినదానిలో ఇది నాలుగో వంతు. వినడానికి కఠినంగా ఉంటుందని తెలుసు, కానీ అక్కడక్కడా ఒక విశేషణం తీసేసి సర్దుకుందామనుకునే స్థితి మీది కాదని షూటింగుకు ముందే తెలియడం మేలు.

ఇక మీరు పంపిన గుండె విభాగం దగ్గరకు వద్దాం. దానిలో మీ స్క్రిప్టు కష్టం మొత్తం ఉంది. షాట్లు ఇవి: రాత్రిపూట గేటులోకి వస్తున్న అంబులెన్సు, నాలుగు సెకన్లు, తలుపులు తోసుకొని లోపలికి పరుగెత్తే స్ట్రెచర్, మూడు, ఈసీజీ గీతల క్లోజప్, మూడు, ఫోనులో మాట్లాడుతూ నడుస్తున్న డాక్టరు, మూడు, క్యాథ్ ల్యాబ్ తెర మీద రక్తనాళం, బెలూన్ ఉబ్బడం, ఆరు, బయట వరండాలో ఎదురుచూస్తున్న భార్య, నాలుగు, ఐసీయూలో లేచి కూర్చున్న రోగి, పక్కన నర్సు, ఐదు. మొత్తం ఇరవై ఎనిమిది సెకన్లు. దీనికి మీరు రాసిన వాక్యం ఇది:

‘అత్యాధునిక సాంకేతిక పరిజ్ఞానంతో రూపొందించిన మా 24 గంటల అత్యవసర విభాగంలో, అనుభవజ్ఞులైన హృద్రోగ నిపుణుల పర్యవేక్షణలో, ఫ్లాట్ ప్యానెల్ క్యాథ్ ల్యాబ్ సదుపాయంతో, గుండెపోటుతో వచ్చిన రోగులకు ప్రపంచ స్థాయి ప్రమాణాలతో కూడిన యాంజియోప్లాస్టీ చికిత్సను అందించి, వారి విలువైన ప్రాణాలను కాపాడుతున్నాము.’

ముప్పై రెండు పదాలు. మీ పాత లెక్క ప్రకారం పదమూడు సెకన్లలో అయిపోవాలి, కాబట్టి ఇరవై ఎనిమిది సెకన్ల దృశ్యంలో ఇంకా సగానికి పైగా చోటు ఉందని మీకు అనిపించి ఉంటుంది. అక్షరాలు లెక్కపెడితే 121 ఉన్నాయి. ఇరవై నాలుగు సెకన్లు పడుతుంది. నిడివిలో సరిపోయినట్టే కదా అని డైరెక్టర్ గారు అనవచ్చు. కానీ ఏ మాట ఏ బొమ్మ మీద పడుతుందో చూడండి. అంబులెన్సు గేటులోకి వచ్చి వెళ్లిపోయే నాలుగు సెకన్లనూ ‘అత్యాధునిక సాంకేతిక పరిజ్ఞానంతో రూపొందించిన’ అన్న ముక్క ఒక్కటే తినేస్తుంది. ‘గుండెపోటు’ అన్న మాట పద్నాలుగో సెకనులో గాని వినపడదు. అప్పటికి స్ట్రెచరు, ఈసీజీ దాటిపోయి తెర మీద క్యాథ్ ల్యాబ్ ఉంటుంది, అంటే ఆ మనిషికి ఏమయిందో చూసేవారికి కంటితో తెలిసిపోయిన చాలా సేపటికి చెవితో తెలుస్తుంది. ఇక భార్య ముఖం మీద భయం కనిపిస్తుండగానే గొంతు ‘విలువైన ప్రాణాలను’ అనేస్తుంది, అంతసేపు ఆ ముఖాన్ని చూపించడంలో ఉన్న ఉద్దేశం అక్కడితో చెడిపోతుంది.

దీనికి కారణం తెలుగు వాక్యం నడిచే తీరులోనే ఉంది. మన వాక్యంలో క్రియ చివర వస్తుంది, విశేషణాలన్నీ నామవాచకానికి ముందు వరుస కడతాయి. పుస్తకంలో చదివేవాడి కన్ను వెనక్కి వెళ్లి రాగలదు. చిత్రం చూసేవాడికి ఆ అవకాశం లేదు, క్రియ వచ్చే వరకు అతను వాక్యాన్ని మనసులో మోస్తూనే ఉండాలి, ఈలోగా తెర మీద ఐదు బొమ్మలు మారిపోతాయి. అందుచేత వాయిస్ ఓవర్‌లో ఒక వాక్యం ఒక షాట్‌లోనో, కలిసి నడిచే రెండు షాట్లలోనో ముగిసిపోవాలి, ముఖ్యమైన క్రియ ఆ షాట్‌లో జరిగే ముఖ్యమైన పని మీద పడాలి. నేనైతే మీ పేరాను ఇలా పంచుతాను.

0–7 సెకన్లు, అంబులెన్సు, స్ట్రెచర్: మొదటి మూడు సెకన్లు సైరన్ మాత్రమే. ఆ తర్వాత, ‘గుండెపోటులో ప్రతి నిమిషమూ విలువైనదే.’
7–13 సెకన్లు, ఈసీజీ, నడుస్తున్న డాక్టరు: ‘గుండెపోటని తేలగానే, క్యాథ్ ల్యాబ్ బృందానికి కబురు వెళ్తుంది.’
13–19 సెకన్లు, క్యాథ్ ల్యాబ్ తెర: ఒక సెకను ఆగి, ‘మూసుకుపోయిన రక్తనాళాన్ని అక్కడే తెరుస్తారు.’ మాట అయిపోయాక తెర మీద అక్షరాలు: ‘క్యాథ్ ల్యాబ్, 24 గంటలూ’.
19–23 సెకన్లు, ఎదురుచూస్తున్న భార్య: మాట లేదు.
23–28 సెకన్లు, ఐసీయూ: ‘తర్వాతి కొన్ని రోజులూ మా నర్సులు పక్కనే ఉంటారు.’

మొత్తం 73 అక్షరాలు, పదిహేను సెకన్ల లోపు, అంటే దృశ్యంలో దాదాపు సగం. ప్రతి వాక్యం షాట్ మారిన వెంటనే కాకుండా ఒక అర సెకను ఆగి మొదలవుతుంది, ఎందుకంటే కొత్త బొమ్మ ఏమిటో కన్ను పోల్చుకోకముందే మాట వచ్చి పడితే రెండూ సరిగా అందవు. ‘తేలగానే’ అన్న మాట ఈసీజీ మీద ఆగుతుంది, వాక్యంలోని రెండో సగం నడుస్తున్న డాక్టరు మీదకు వెళుతుంది. ‘తెరుస్తారు’ అన్న క్రియ పదిహేడో సెకను ప్రాంతంలో వస్తుంది. బెలూన్ ఉబ్బే క్షణాన్ని అక్కడికి జరపమని ఎడిటర్‌కు ముందే రాసి ఇవ్వండి. ఈసీజీ తీస్తున్నారని గాని, ఇది అంబులెన్సు అని గాని ఎక్కడా చెప్పలేదని గమనించండి. కంటికి కనబడేదాన్ని మళ్లీ చెవికి చెప్పడం వృథా, కనబడనిదాన్ని (ఎవరికి కబురు వెళ్లింది, ఆ తర్వాత ఎవరు చూసుకుంటారు) చెప్పడానికే గొంతు ఉన్నది. ఒక్క జాగ్రత్త: ఈ వరుస ఆ ఆసుపత్రిలో నిజంగా జరిగే వరుసేనా అని వారి కార్డియాలజిస్టును అడిగి నిర్ధారించుకోండి. మధ్యలో కుటుంబ సభ్యులు సమ్మతి పత్రం మీద సంతకం చేసే ఘట్టం ఉంటుంది. దానికి ఒక షాట్ కావాలని డాక్టరే అడిగే అవకాశం ఉంది, అప్పుడు మీ సెకన్లు మళ్లీ మారతాయి.

అన్ని చోట్లా వాక్యాలు ఇంత పొట్టిగా ఉండాలని అనుకోకండి. మీ జాబితాలో రిసెప్షన్ హాలులోంచి మెల్లగా సాగే తొమ్మిది సెకన్ల షాట్ ఒకటి ఉంటుందనుకోండి, అక్కడ పొడుగు వాక్యానికి చోటుంది. ‘నల్గొండ నుంచి వచ్చినా, పక్క వీధి నుంచి వచ్చినా, మొదట పలకరించేది ఈ హాలే’ అన్నది ఇరవై తొమ్మిది అక్షరాలు, దాదాపు ఆరు సెకన్లు, ఒక్క ఊపిరిలో హాయిగా చదవదగిన నిడివి. కెమెరా నిదానంగా కదిలేటప్పుడు అటువంటి వాక్యం దానితో కలిసి నడుస్తుంది. షాట్లు ఒకటిన్నర సెకనుకు ఒకటి చొప్పున తెగుతున్న చోట మాత్రం ఒక్కో షాట్‌కు ఒక వాక్యం రాయబోతే అది సరుకుల పట్టీలా వినిపిస్తుంది. అక్కడ నాలుగైదు షాట్ల మీదుగా ఒకే చిన్న వాక్యం పరచడమో, సంగీతానికి వదిలేయడమో మేలు.

పద్నాలుగు విభాగాల పేర్ల సంగతి కూడా దీనితోనే తేలుతుంది. ఎండీ గారి కోరిక అన్యాయమైనది కాదు. ఏ విభాగం పేరు రాకపోయినా ఆ విభాగం డాక్టరు మర్నాడు ఆయన గదిలోకే వస్తారు. అయితే పేరు చిత్రంలో ఉండడం వేరు, గొంతులో ఉండడం వేరు. గొంతుతో చదివిస్తే కార్డియాలజీకి ఐదు, గ్యాస్ట్రోఎంటరాలజీకి ఏడు అక్షరాలు, ప్రతి పేరు తర్వాత చిన్న ఆగింపు. మీ ఇరవై సెకన్ల మాంటేజ్ పేర్లకే నిండిపోతుంది. అంతకంటే పెద్ద చిక్కు, ప్రతి పేరూ తన షాట్ మీదే పడాలి. షూటింగు రోజున ఒక్క విభాగంలో గది ఖాళీగా దొరక్కపోతే, లేదా ఒక షాట్ పనికిరాకుండా పోతే, ఆ తర్వాతి పేర్లన్నీ పక్క షాట్ల మీదకు జారతాయి. అవే పేర్లను తెర మీద అక్షరాలుగా వేస్తే ఈ బెడద ఉండదు, షాట్ పోతే దాని అక్షరాలను మరో షాట్ మీదకు ఎడిటర్ మార్చుకోగలడు. పైగా ఆసుపత్రి చిత్రాలు ఎక్కువగా ఆడేది ఓపీ హాలులోని టీవీలో. అక్కడ టోకెన్ నంబర్లు పిలిచే సందడిలో శబ్దం ఆపేసి ఉంచడం మామూలే. గొంతులో ఉన్న పేరు అక్కడ ఎవరికీ చేరదు, తెర మీద ఉన్నది చేరుతుంది. ఎండీ గారికి చెప్పవలసిన వాదన ఇదే అని నా అభిప్రాయం, ఎందుకంటే ఇందులో ఆయన దేన్నీ వదులుకోవడం లేదు.

ఇలా చేస్తే పాటించవలసిన నియమం ఒకటుంది. తెర మీద ఒక మాట, గొంతులో మరో మాట ఒకేసారి రాకూడదు. కన్ను చదువుతుంటే చెవి వినడం మానేస్తుంది. మాంటేజ్ మీద గొంతుకు ఒక్క వాక్యం చాలు, అదీ పేర్లు మొదలయ్యేలోగానో, అయిపోయాకనో. ‘ఏ విభాగానికి వెళ్లాలో తెలియకపోతే రిసెప్షన్‌లో అడగండి’ అన్నది ఐదు సెకన్ల లోపు అయిపోతుంది, ఊరి నుంచి వచ్చినవారికి నిజంగా ఉపయోగపడుతుంది. అయితే ఆ ఐదు సెకన్లు ఇరవైలోంచే పోతాయి కాబట్టి పేర్లను ఒక్కొక్కటిగా కాకుండా రెండేసి కలిపి వేయవలసి ఉంటుంది. జంటకు రెండు సెకన్ల చొప్పున ఏడు జంటలకు పద్నాలుగు సెకన్లు, సరిపోతుంది.

మీ డైరెక్టర్ గారు చెప్పిన వేగం మార్గం కూడా అసాధ్యమేమీ కాదు, దాని పర్యవసానాలు తెలిసి ఎంచుకుంటే చాలు. ఐదు నిమిషాలు దాటిన మాటను, బైట్లు పోగా మిగిలే సమయంలో ఇరికించాలంటే ఆర్టిస్టు సెకనుకు పదిహేను అక్షరాలు చదవాలి, అది మనిషి వల్ల అయ్యే పని కాదు. సగం కత్తిరించి మిగతాది వేగంగా చదివించినా ఏడెనిమిది అక్షరాలకు తగ్గదు; మ్యూచువల్ ఫండ్ ప్రకటనల చివర గబగబా వినిపించే హెచ్చరిక ధోరణి వస్తుంది. గుండె ఆపరేషన్ గురించి చెబుతున్న గొంతుకు తొందరగా వెళ్లిపోవాలని ఉన్నట్టు వినిపించడం ఆసుపత్రికి ఎంత మేలు చేస్తుందో వారే ఆలోచించుకోవాలి. రికార్డు చేశాక ఎడిటింగులో వేగం పెంచుదామనే మాట కూడా వస్తుంది. ఒకటి రెండు శాతం పెంచితే ఎవరికీ తెలియదు. అది ఒక వాక్యం చివర రెప్పపాటు సమయం కలిసి రావడానికి పనికివస్తుందే తప్ప రెండు నిమిషాలను మింగడానికి కాదు. పది శాతం దాటితే ఊపిరి తీసుకునే చోట్లు కుదించుకుపోయి, గొంతు యంత్రంలా వినిపించవచ్చు.

మూడో దారి చిత్రాన్నే ఐదు నిమిషాలకు పెంచడం. ఎండీ గారికి ఇది నచ్చవచ్చు, మీకూ తేలిక. కానీ స్టోరీబోర్డు మూడు నిమిషాలకు ఉంది. మిగతా రెండు నిమిషాలకు కొత్త షాట్లు కావాలి, అంటే ఇంకో రోజు షూటింగు, ఐసీయూ, ఆపరేషన్ థియేటర్లలో మళ్లీ అనుమతులు. ఆ ఖర్చు ఎవరూ పెట్టరు కాబట్టి చివరికి ఉన్న షాట్లనే స్లో మోషన్‌లో సాగదీస్తారు, పరుగెత్తే స్ట్రెచరు తేలిపోతున్నట్టు కనిపిస్తుంది. నిజంగా చెప్పవలసిన సమాచారం అంత ఉందని వారు భావిస్తే, విభాగాలకు విడివిడిగా నలభై సెకన్ల చిన్న చిత్రాలు తర్వాత తీయమని సూచించండి. మీరు తీసేసిన వాక్యాలు అక్కడికి పనికివస్తాయి.

ఎవరికి ఎదురు చెప్పాలని అడిగారు. మాటలతో ఎవరికీ చెప్పనవసరం లేదు, వినిపించండి. స్టోరీబోర్డు బొమ్మలను ఫోనుతో ఫోటోలు తీసి, ఏ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లోనైనా ఒక్కో బొమ్మను దాని సెకన్ల మేరకు పరచండి. మీ పాత పేరాను మీ గొంతుతోనే నిదానంగా చదివి ఒకదాని కింద వేయండి, కొత్తదాన్ని మరొకదాని కింద వేయండి. గుండె విభాగం ఒక్కటి చాలు, మూడు నిమిషాలూ చేయనక్కరలేదు. డైరెక్టర్ గారికి ముందు చూపించి, ఆ తర్వాత ఆయనతో కలిసే ఎండీ గారి దగ్గరకు వెళ్లండి. ఆయన లేకుండా వెళితే మీ ఇద్దరి మధ్య తగవులా అవుతుంది. కాగితం మీద విశేషణం తీసేస్తే ఎండీ గారికి ఏదో పోయినట్టు ఉంటుంది, అదే బొమ్మతో కలిపి విన్నప్పుడు తీయమని ఆయనే అనడం నేను చాలాసార్లు చూశాను. అనని వారూ ఉంటారు. అప్పుడు సెకన్ల కాలమ్‌తో సహా స్క్రిప్టు మీద సంతకం తీసుకోండి. ఎడిటింగులో నిడివి సరిపోనప్పుడు ప్రశ్న మీ దగ్గరకు కాక ఆ కాగితం దగ్గరకు వెళుతుంది.

విశేషణాలు తీయడానికి మీ చేతిలో ఇంకో కారణం కూడా ఉంది. ‘ప్రపంచ స్థాయి ప్రమాణాలతో కూడిన’ అన్నది పదమూడు అక్షరాలు, రెండున్నర సెకన్లు. అటువంటి గొప్పలకు ఆధారం చూపగలగాలని భారత ప్రకటనల ప్రమాణాల మండలి నియమావళి చెబుతుంది. వైద్యులు గాని, సంస్థలు గాని రోగులను ఆకర్షించేందుకు ప్రచారం చేసుకోవడాన్ని 2002 నాటి భారత వైద్య మండలి వృత్తి ధర్మ నిబంధనలు అనైతికమన్నాయి. అందుకే డాక్టర్లను పేరుపెట్టి పొగిడే వాక్యాలు, ‘నంబర్ వన్’లు, నయం చేస్తామన్న హామీలు రికార్డింగుకు ముందే ఆసుపత్రి న్యాయ సలహాదారు కంటపడాలి. ఒక సదుపాయం ఉందని చెప్పడానికి, అది అందరికంటే మిన్న అని చెప్పడానికి మధ్య ఉన్న దూరం మీ స్క్రిప్టులో చాలా సెకన్లు ఆదా చేస్తుంది.

షూటింగు అయ్యాక సెకన్లు మారతాయి, దానికి సిద్ధంగా ఉండండి. నాలుగు సెకన్లనుకున్న అంబులెన్సు షాట్‌లో పనికివచ్చేది రెండున్నరే అని ఎడిటర్ తేల్చవచ్చు. కాబట్టి అసలు ఆర్టిస్టును రఫ్ కట్ వచ్చాకే పిలిపించండి. అంతవరకు మీ ఫోను గొంతే టైమ్‌లైన్ మీద ఉండనివ్వండి. ప్రతి వాక్యానికీ ఒక నంబరు వేసి, వాక్యం వాక్యానికీ మధ్య రెండు సెకన్లు ఖాళీ ఉంచి రికార్డు చేయించండి, అప్పుడు ఎడిటర్ ఒక్కోదాన్ని అటూ ఇటూ జరుపుకోగలడు. మొదటి సగం తీసేసినా నిలబడే వాక్యాలు రాసుకుంటే ఇంకా మంచిది: ‘గుండెపోటని తేలగానే’ ఎగిరిపోయినా ‘క్యాథ్ ల్యాబ్ బృందానికి కబురు వెళ్తుంది’ అన్నది ఒంటరిగా నిలుస్తుంది, ఆ రెండు రూపాలనూ అదే రోజు చదివించి ఉంచుకుంటే స్టూడియోకు మళ్లీ వెళ్లే పని ఉండదు.

ఇంగ్లీషు, హిందీ రూపాలు కూడా మీ నెత్తినే పడతాయని ఊహిస్తున్నాను, హైదరాబాదు ఆసుపత్రులకు మూడూ కావాలి కదా. ఆ భాషల్లో రాసేవారికి మీ తెలుగు వాక్యాలను ఇవ్వకండి, షాట్లు, సెకన్లు, ఏ క్షణం మీద ఏ విషయం చెప్పాలి అన్న పట్టికను మాత్రమే ఇవ్వండి. ఇంగ్లీషులో క్రియ ముందే వచ్చేస్తుంది కాబట్టి మీ వాక్యాన్ని అనువదిస్తే బెలూన్ ఉబ్బక ముందే రక్తనాళం తెరుచుకుంటుంది. ఆ షాట్‌లో వారి వాక్యం మీదానికంటే రెండు సెకన్లు ఆలస్యంగా మొదలు కావలసి ఉంటుంది. హిందీలో క్రియ మనలాగే చివర వస్తుంది గనుక మీ సెకన్లు చాలావరకు అలాగే పనికివస్తాయి, అక్షరాల వేగం మాత్రం ఆ ఆర్టిస్టుతో మళ్లీ కొలిపించుకోవాలి.